ఒక నెల మూడు లక్షలు, రెండు నెలలు సున్నా: కమిషన్ ఆదాయంలో నెలకెంత దాచాలో తేల్చిన ఒక కేసు

నేపథ్యం

భర్తకు ముప్పై తొమ్మిదేళ్లు. ఊరు రాయలసీమలో. బెంగళూరు తూర్పు వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్లు అమ్మించి బిల్డర్ల దగ్గర కమిషన్ తీసుకుంటాడు. ఏ కంపెనీలోనూ ఉద్యోగి కాడు, జీతం లేదు. భార్య ఇల్లు చూసుకుంటుంది. ఇంటి లెక్కలన్నీ ఆమె చేతిలోనే ఉంటాయి. ఇద్దరు పిల్లలు బడికి వెళ్తున్నారు, అద్దె ఇల్లు, ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు నెలనెలా కొంత పంపాలి. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. అంకెలను వేలకు సవరించాను, వాటి పొందిక మాత్రం అలాగే ఉంచాను.

2025 ఏప్రిల్‌లో వాళ్లు డబ్బు సలహా కోసం మా దగ్గరికి వచ్చేసరికి అంతకుముందు మూడేళ్ల సంపాదన ఇలా ఉంది: 2022-23లో 11.3 లక్షలు, 2023-24లో 16.1 లక్షలు, 2024-25లో 14 లక్షలు. ఇదంతా బిల్డర్లు ముందే పన్ను కింద కోసే టీడీఎస్ పోగా బ్యాంకులో పడ్డ సొమ్ము. తక్కువ సంపాదనేమీ కాదు. అయినా ఆ రోజు వాళ్ల దగ్గరున్నది ఖాతాలో 1.1 లక్షలు, భార్య పేరున 80 వేల డిపాజిట్, తాకట్టులో ఉన్న ఆమె నగలు. ఆ నగల మీద 1.8 లక్షల అప్పు ఉంది, వడ్డీ ఏడాదికి పదిన్నర శాతం.

భర్త ఒకే ప్రశ్న అడిగాడు: "సార్, నెలకు ఎంత దాస్తే సరిపోతుందో చెప్పండి, అంతే." భార్య మాట వేరు: "దాచడం మాకు చేతకాక కాదు సార్. దాచింది నిలవట్లేదు."

కేసంతా ఆ రెండో మాటలోనే ఉంది.

డబ్బు ఎప్పుడు వస్తోంది

ముందుగా మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్ తెప్పించి, కమిషన్‌గా పడిన ప్రతి మొత్తాన్నీ నెలవారీగా రాశాం. "రావాల్సింది" అనేదాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఈ వ్యాపారంలో బుకింగ్ జరిగిన రోజుకూ కమిషన్ చేతికొచ్చే రోజుకూ మధ్య రెండు మూడు నెలలుంటాయి. కొన్నవాళ్లు మొదటి వాయిదా కట్టాలి, అగ్రిమెంట్ కావాలి, బ్యాంకు లోను కదలాలి, ఆ తర్వాతే బిల్డర్ బిల్లు పాస్ చేస్తాడు. మధ్యలో బుకింగ్ రద్దయితే ఇచ్చిన కమిషన్‌ను తర్వాతి బిల్లులో కోస్తారు. కాబట్టి ఖాతాలో పడేదాకా అది ఆదాయం కాదు.

ఈ ఆలస్యం వల్ల ఒక విచిత్రం జరుగుతుంది. ఆషాఢంలో ఎవరూ ఇల్లు బుక్ చేయరు, అది అందరికీ తెలుసు. కానీ ఆ నెలల్లో ఇతనికి డబ్బు బాగానే ఉంటుంది, ఎందుకంటే ఉగాదికీ అక్షయ తృతీయకీ జరిగిన బుకింగుల కమిషన్ అప్పుడే చేతికొస్తుంది. ఆషాఢం దెబ్బ తగిలేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. పితృపక్షాల దెబ్బ నవంబరు, డిసెంబరుల్లో. అంటే దసరా, దీపావళి ఖర్చులు ముంచుకొచ్చే సమయానికి ఖాతా ఎండిపోతుంది. దసరా బుకింగుల డబ్బు జనవరికి వస్తుంది. మూడేళ్లలోనూ ఇదే వరస కనిపించింది. ఆదాయం అస్తవ్యస్తంగా ఉందని వాళ్లు అనుకున్నారు. నిజానికి మొత్తం ఎంతన్నదే ముందుగా తెలియదు, ఎండు నెలలు ఏవన్నది చాలావరకు తెలుస్తూనే ఉంది. ఫ్రీలాన్సర్ల కేసుల్లోనూ స్టేట్‌మెంట్లు పరిచి చూస్తే తరచుగా ఇలాంటి వరసే బయటపడుతుంది, క్లయింటు బడ్జెట్ ఇచ్చే నెలలు గానీ, బిల్లు పాసయ్యే గడువు గానీ దానికి కారణమవుతుంది.

ముందు ప్రయత్నించినవి, అవి ఎందుకు నిలవలేదు

మొదటిది సగటు పద్ధతి. 2023-24 బాగా గడవడంతో ఏడాది ఆదాయాన్ని పన్నెండుతో భాగించి, ఖర్చు తీసేసి, నెలకు 25 వేల సిప్, అంటే ఖాతాలోంచి ఫండ్‌లోకి నెలనెలా దానంతటదే పోయే వాయిదా, పెట్టారు. ప్రతి నెలా ఐదో తేదీన కోత. రెండు మూడు నెలలు బాగానే నడిచింది, తర్వాత ఖాతాలో డబ్బు లేక వెనక్కొచ్చింది. ఒక్కో బౌన్సుకూ బ్యాంకు ఛార్జీ వేసింది. నెలవారీ సిప్ వరుసగా మూడుసార్లు తప్పితే రద్దవుతుంది, ఇదీ అలాగే రద్దయింది. సగటు తప్పు అంకె కాదు, అది ఏడాదికి సంబంధించిన అంకె. కానీ కోత పడేది ఒక తేదీన. ఆ తేదీకి ఖాతాలో ఎంత ఉంటుందో సగటు చెప్పదు.

రెండోది శాతం పద్ధతి. ఎంత వచ్చినా అందులో ఇరవై శాతం పక్కన పెట్టమని బంధువు ఒకరు చెప్పారు. చెప్పడానికి సులువు, వినడానికి న్యాయంగా ఉంటుంది. 2024 జూలై, ఆగస్టుల్లో 5.5 లక్షలు వచ్చాయి. అందులో 1.1 లక్షలు ఈక్విటీ ఫండ్‌లో వేశారు. పొదుపు అయిపోయింది కదా అని మిగతా డబ్బుతో ధైర్యంగా బండి మార్చారు, ఏసీ కొన్నారు. అక్టోబరు, నవంబరుల్లో ఒక్క రూపాయీ రాలేదు. సెప్టెంబరు చివరి నుంచి మార్కెట్ దిగుతున్న రోజులవి. ఫండ్‌లో వేసింది నష్టానికి అమ్ముకున్నారు, ఏడాది లోపే తీసినందుకు ఎగ్జిట్ లోడ్ అనే కోత కూడా పడింది. అదీ చాలక నవంబరులో నగలు తాకట్టుకు వెళ్లాయి.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. చాలామంది దీన్ని క్రమశిక్షణ లోపం అనుకుంటారు. ఈ ఇంట్లో ఇరవై శాతం తప్పకుండా దాచారు. దెబ్బ తీసింది మిగిలిన ఎనభై శాతం. ఆగస్టులో చేతిలో ఉన్న ఆ సొమ్ములో చాలా భాగం సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు కట్టాల్సిన అద్దె, సరుకులు, ఫీజులు. దానికా పేరు పెట్టలేదు కాబట్టి మిగులుగా కనిపించింది. శాతం పద్ధతి వచ్చిన డబ్బును "పొదుపు", "ఖర్చు" అని రెండుగానే చీలుస్తుంది. ఎండు నెలలకు ఉంచాల్సిన మూడో వాటా దానిలో లేదు.

మూడోది ఆరు నెలల ఖర్చు అత్యవసర నిధిగా దాచాలన్న సూత్రం. వీళ్ల లెక్కన అది దాదాపు అయిదున్నర లక్షలు. ఎంత పోగేసినా అక్టోబరుకు కరిగిపోవడంతో అది అందే అంకె కాదని వదిలేశారు. వీళ్లకు నిజంగా ఎంత నిల్వ కావాలో లెక్క కట్టినవాళ్లు లేరు.

చీటీలు కూడా వేశారు, ఒక్క మాటలో చెప్పాలంటే పాట పాడుకున్న తర్వాత చీటీ వాయిదా అప్పు వాయిదాతో సమానం, ఎండు నెలకు అది మరో బరువు.

మొదటి నిర్ణయం: ఖర్చును ఎలా విడదీశాం

ఇంటి ఖర్చు, వృత్తి ఖర్చు ఒకే ఖాతాలోంచి, ఒకే యూపీఐలోంచి పోతుండేవి. సైటు చూపించడానికి క్యాబ్, పెట్రోలు, వెబ్‌సైట్లలో లీడ్స్, అంటే ఇల్లు కొనాలనుకునేవాళ్ల వివరాలు, కొనడం, ఫోను బిల్లు, అన్నీ కలిపి నెలకు సగటున 20 వేలు. ఎండు నెలల్లో అతను కోసేది ముందు దీన్నే. అది తప్పు దిశ. అక్టోబరులో లీడ్స్ ఆపితే జనవరి ఎండిపోతుంది. అందుకే ఈ 20 వేలను అద్దెతో సమానంగా, తప్పనిసరి వరుసలో పెట్టాం.

ఇంట్లో తప్పనిసరి ఖర్చు నెలకు 62 వేలుగా తేలింది. ఏడాదికోసారి వచ్చేవాటిని కూడా పన్నెండుతో భాగించి ఇందులోనే కలిపాం: బడి ఫీజు 1.2 లక్షలు అంటే నెలకు పది వేలు, ఆరోగ్య బీమా, టర్మ్ బీమా ప్రీమియంలు, తాకట్టు వడ్డీ దాదాపు 1,600. సినిమా, హోటలు, బట్టలు, చిన్న ప్రయాణాల వంటి సర్దుకోగల ఖర్చు 8 వేలు. వెరసి తప్పనిసరి 82 వేలు, మామూలుగా 90 వేలు.

రెండో నిర్ణయం: పన్ను వాటా

కమిషన్ మీద టీడీఎస్ 2024 అక్టోబరు 1 నుంచి 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గింది. చేతికి ఎక్కువ వస్తోందని సంతోషించారు. కానీ తగ్గింది ముందస్తు కోతే, పన్ను కాదు. 2024-25కు వాళ్ల లాభం 12 లక్షలు కాస్త దాటింది, టీడీఎస్ పోగా ఇంకా సుమారు 34 వేలు కట్టాల్సి వచ్చింది. దానికి ఎక్కడా డబ్బు పెట్టుకోలేదు.

ఇంకో విషయం. చిన్న వ్యాపారులు టర్నోవరులో కొంత శాతాన్ని లాభంగా చూపించే వెసులుబాటు కమిషన్ ఆదాయానికి వర్తించదు. అసలు ఖర్చుల బిల్లులు ఉండాలి. ఆ 20 వేల వృత్తి ఖర్చును వేరే ఖాతాలోంచి నడపడానికి ఇదీ ఒక కారణం, స్టేట్‌మెంటే పద్దుల పుస్తకంలా పనికొస్తుంది.

2025-26కు కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల లాభం దాకా రిబేటు అనే రాయితీ వల్ల పన్ను పడదు. వీళ్లు సరిగ్గా ఆ గీత దగ్గర ఉన్నారు. మంచి ఏడాది వచ్చి లాభం 15 లక్షలైతే టీడీఎస్ పోగా దాదాపు 75 వేలు కట్టాలి. ఏప్రిల్‌లోనే అది ఎటు తేలుతుందో చెప్పలేం. అందుకని పడిన ప్రతి మొత్తంలో 5 శాతం విడిగా డిపాజిట్‌లో వేయాలని, ఏడాది మధ్యలోనే వాయిదాల్లో కట్టే అడ్వాన్స్ ట్యాక్స్ గడువులైన జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15వ తేదీలకు అప్పటిదాకా వచ్చినదాన్ని బట్టి అంచనా వేయాలని అనుకున్నాం. మార్చి లెక్కలో అవసరం లేదని తేలితేనే ఆ డబ్బు ముట్టుకోవాలి. శాతం పద్ధతి సరిగ్గా సరిపోయే చోటు ఇదొక్కటే, ఎందుకంటే పన్ను ఆదాయంతో పాటే పెరిగి, తగ్గుతుంది. అద్దె అలా పెరగదు, తగ్గదు.

మూడో నిర్ణయం: నెలకెంత

ఇప్పుడు అసలు ప్రశ్న. దీనికి సగటు ఏడాదిని కాదు, మూడేళ్లలో అన్నిటికంటే బలహీనమైన ఏడాదిని తీసుకున్నాం. 2022-23లో వచ్చిన 11.3 లక్షల్లో పన్ను వాటా తీసేస్తే 10.73 లక్షలు. తప్పనిసరి ఖర్చు నెలకు 82 వేల చొప్పున 9.84 లక్షలు. మిగిలేది 89 వేలు, నెలకు ఏడున్నర వేల లోపు. కాబట్టి నెలవారీ పొదుపు 7 వేలు.

అతనికిది రుచించలేదు. పాతిక వేల సిప్ కట్టినవాడు ఏడు వేలకు దిగడమా అన్నాడు. మా వాదన ఇది: నెలవారీ అంకె పని ఏ ఏడాదైనా తెగకుండా నిలవడం. దానికంటే బాగా గడిచిన ఏడాది మిగులు ఎక్కడికీ పోదు, అది ఏడాదికి రెండుసార్లు పెద్ద మొత్తంగా వస్తుంది. ఆదాయం పెద్ద ముద్దలుగా వచ్చేవాళ్లకు పొదుపూ ముద్దలుగానే జరగాలి. ఏడు వేలు గ్యారంటీ భాగం, మిగతాది నిల్వ నిండి పొర్లినప్పుడు తీసే భాగం.

నాలుగో నిర్ణయం: నిల్వ ఎంత ఉండాలి

బెంగళూరులో సొంతిల్లు కట్టేవాళ్లు సంపు ఎంత తవ్వాలో రోజుకు సగటున వచ్చే కావేరి నీళ్లను బట్టి నిర్ణయించరు. నీళ్లు రాని రోజులు వరుసగా ఎన్ని ఉంటాయో చూసి తవ్విస్తారు. ఇక్కడా అదే లెక్క. 2024-25లో ప్రతి నెలా వచ్చినదాంట్లో 5 శాతం పన్ను తీసేసి, అందులోంచి 97 వేలు, అంటే ఖర్చు 90 వేలు, పొదుపు 7 వేలు బయటికి పోయినట్టు రాసుకుంటూ వెళ్లాం. మొదట్లో నిల్వ సున్నా అనుకున్నాం. అంకెలు వేలల్లో.

| నెల | వచ్చింది | నెలాఖరు నిల్వ |
|---|---|---|
| ఏప్రిల్ | 70 | −31 |
| మే | 0 | −128 |
| జూన్ | 45 | −182 |
| జూలై | 340 | 44 |
| ఆగస్టు | 210 | 147 |
| సెప్టెంబరు | 55 | 102 |
| అక్టోబరు | 0 | 5 |
| నవంబరు | 0 | −92 |
| డిసెంబరు | 90 | −104 |
| జనవరి | 380 | 161 |
| ఫిబ్రవరి | 150 | 206 |
| మార్చి | 60 | 166 |

చూడాల్సింది చివరి వరుస కాదు. ఎక్కడ శిఖరం ఉంది, అక్కడి నుంచి ఎంత లోతుకు దిగింది అన్నది. ఆగస్టు చివర 147, డిసెంబరు చివర −104. లోతు 2.5 లక్షలు. ఏప్రిల్-జూన్ గుంట 1.8 లక్షలే, చిన్నది.

దీనికి ఒక పరీక్ష పెట్టాం. జనవరిలో పడాల్సిన పెద్ద మొత్తం ఒక నెల ఆలస్యమైతే? బిల్డరు దగ్గర ఇది మామూలే. అప్పుడు జనవరి కూడా ఎండు నెలే, లోతు 3.5 లక్షలకు చేరుతుంది. 2022-23 అంకెలతో ఇదే లెక్క వేసినా దాదాపు అక్కడికే వచ్చింది. అందుకని నిల్వ గరిష్ఠం 3.5 లక్షలని ఖాయం చేశాం. ఆరు నెలల సూత్రం అడిగిన దాంట్లో ఇది సగం పైచిలుకు మాత్రమే. దీన్ని ఆసుపత్రి ఖర్చుకు దాచే అత్యవసర నిధితో కలపకూడదు. ఇది ఏటా రెండుసార్లు ఖాళీ కావడానికే ఉంది, అది ముట్టుకోకుండా ఉండాల్సింది.

నడిపిన తీరు

కమిషన్ పడే ఖాతాను నిల్వ ఖాతాగా ఉంచి, దాని డెబిట్ కార్డు ఇంట్లో బీరువాలో పెట్టించాం, యూపీఐ తీయించాం. కొంత మొత్తం దాటితే దానంతటదే డిపాజిట్‌లోకి మారే సదుపాయం పెట్టించాం. ప్రతి నెలా ఒకటో తేదీన అందులోంచి భార్య ఖాతాకు 70 వేలు "జీతం", వృత్తి ఖాతాకు 20 వేలు. ఏడో తేదీన 7 వేల సిప్. జూలైలో మూడు లక్షలు పడ్డా, అక్టోబరులో ఏమీ పడకపోయినా ఒకటో తేదీ అంకె మారదు.

నిల్వ నెలాఖరుకు లక్షకు తగ్గితే మరుసటి నెల ఆ 8 వేల సర్దుబాటు ఖర్చు ఆగిపోతుంది. 50 వేలకు తగ్గితే సిప్‌ను తేదీకి ముందే ఆన్‌లైన్‌లో తాత్కాలికంగా ఆపాలి, బౌన్సు కానివ్వకూడదు. ఆగస్టు చివర, ఫిబ్రవరి చివర మాత్రమే నిల్వను చూసి, 3.5 లక్షల పైన ఉన్నది తీయాలి. ఈ రెండు తేదీలూ ఎండు నెలలకు సరిగ్గా ముందువి. జూలైలో డబ్బు పడగానే తీసేస్తే పాత కథే మళ్లీ.

మొదలుపెట్టడమే కష్టమైంది. ఏప్రిల్‌లో మొదలైంది, ముందున్నవి ఎండు నెలలు. తాకట్టు ముందు విడిపించాలా, నిల్వ ముందు పెంచాలా అన్నదానిపై చాలాసేపు మాట్లాడుకున్నాం. వడ్డీ లెక్క ప్రకారం పదిన్నర శాతం అప్పు తీర్చడమే లాభం. కానీ ఉన్న లక్షా పది వేలు అటు కట్టేస్తే మే నెల అద్దెకు క్రెడిట్ కార్డే దిక్కు. బకాయి మీద దాని వడ్డీ నెలకే మూడు శాతం పైన. చవక అప్పు తీర్చడానికి ఖరీదైన అప్పులో పడటం అవుతుంది. అందుకని తాకట్టుకు వడ్డీ మాత్రం కడుతూ, ఏప్రిల్-జూన్ గుంట లోతైన 1.8 లక్షలు ముందు చేతిలో పెట్టుకోవాలని తేల్చాం. అందుకు భార్య పేరున ఉన్న 80 వేల డిపాజిట్ తీయాల్సి వచ్చింది. ఆమె ఒక షరతు పెట్టింది: నిల్వ పొర్లిన మొదటి రూపాయి నగల మీదికే వెళ్లాలి, ఏ ఫండ్‌లోకీ కాదు. అది న్యాయమైన షరతు, అలాగే రాసుకున్నాం.

మొదటి మూడు నెలలు సిప్ లేదు, 8 వేలు లేవు. వచ్చింది 70 వేలు మాత్రమే. 1.9 లక్షల నిల్వ జూన్ చివరికి పదివేలకు దిగింది. ఆ పదివేలూ బడి ఫీజు మొదటి టర్ముకు పోయాయి, ఎందుకంటే టర్ముకు 40 వేలు కట్టాలి, నెలకు పది చొప్పున అప్పటికి ముప్పై వేలే చేరాయి. ఈ పద్ధతిని ఎవరు మొదలుపెట్టినా తొలి ఏడాది ఈ లోటు వస్తుంది. ఏడాదికోసారి వచ్చే బిల్లులను పన్నెండుతో భాగించినప్పుడు, మొదటి బిల్లు ఎన్ని నెలల్లో పడుతుందో చూసుకుని ఆ తేడా ముందే చేతిలో ఉంచుకోవాలి.

జూలై, ఆగస్టుల్లో 5.5 లక్షలు పడ్డాయి, ముందటి ఏడాది అంతే. ఆగస్టు చివర నిల్వ 3.28 లక్షలు. గరిష్ఠానికి ఇంకా 22 వేలు తక్కువ, కాబట్టి తీయడానికి ఏమీ లేదు. అతను ఫోన్ చేసి, "మూడు లక్షలు ఊరికే పడున్నాయి సార్, నగలైనా విడిపిద్దాం" అన్నాడు. నిల్వ పక్కన నెలల పేర్లు రాసి పంపించాం: సెప్టెంబరు అద్దె, అక్టోబరు సరుకులు, నవంబరు ఫీజు. మరి మాట్లాడలేదు. డిసెంబరు చివరికి ఆ నిల్వ 73 వేలకు దిగింది. నవంబరులో తాకట్టు గడువు వస్తే వడ్డీ కట్టి తిరగరాయించారు.

లక్ష గీత దాటి కిందికి వెళ్లింది కాబట్టి జనవరిలో 8 వేలు ఆగాయి. "సంక్రాంతి ముందా కోత?" అని ఆమె అడిగింది. కోత అలాగే ఉంచాం, కానీ పండగ ఖర్చు సర్దుబాటు ఖర్చు కాదని ఒప్పుకున్నాం. 2026 ఏప్రిల్ నుంచి దసరా, సంక్రాంతులకు కలిపి 18 వేలను నెలకు 1,500 చొప్పున తప్పనిసరి వరుసలోకి మార్చి, అంత మేరకు ఆ 8 వేలను తగ్గించాం. ఈ మార్పుతో నెలవారీ పొదుపుకు ఆధారమైన లెక్క కూడా కదులుతుంది: బలహీన ఏడాదిలో మిగిలేది నెలకు ఆరు వేలకు దిగుతుంది. కాబట్టి సిప్‌ను 6 వేలకు సవరించాం.

జనవరి, ఫిబ్రవరుల్లో 5.4 లక్షలు వచ్చాయి. ఫిబ్రవరి చివర నిల్వ 4 లక్షలకు చేరింది, గరిష్ఠం పైన ఉన్న 50 వేలు నగల అప్పుకు కట్టారు. మార్చిలో పన్ను లెక్క వేస్తే లాభం 11.7 లక్షలు, రిబేటు పరిధిలోనే ఉంది. పక్కన పెట్టిన 69 వేలు కూడా అప్పుకే పోయాయి. 1.8 లక్షల అప్పు 60 వేలకు వచ్చింది. టీడీఎస్ 28 వేలు రిటర్ను వేశాక తిరిగి రావాలి, అదీ అక్కడికే.

ఏడాది మొత్తం మీద సిప్‌లో 63 వేలు, అప్పు తగ్గింపు దాదాపు 1.2 లక్షలు, నిల్వలో పెరుగుదల 1.4 లక్షలు. కలిపితే 3.2 లక్షలు. ఆదాయం మాత్రం ముందటి ఏడాది కంటే 20 వేలు తక్కువ.

ఈ కేసు నుంచి పట్టుకోవాల్సినవి

ఈ పద్ధతి ఎక్కడ పనిచేయదో ముందు చెప్పాలి. బలహీన ఏడాది ఆదాయం తప్పనిసరి ఖర్చుకే చాలకపోతే నిల్వ ఎంత పెట్టినా కరిగిపోతుంది. దాన్ని గుర్తుపట్టడం తేలిక: ప్రతి ఏడాదీ డిసెంబరు చివరి నిల్వను పోల్చండి. అది ఏటేటా కిందికి జారుతుంటే సమస్య నెలల మధ్య సర్దుబాటుది కాదు, అద్దెదో ఫీజుదో ఆదాయానిదో. అలాంటి ఇంటికి నెలవారీ పొదుపు అంకె సున్నా అని చెప్పడమే సరైన సలహా, ఖర్చు మారేదాకా.

కనీసం రెండేళ్ల స్టేట్‌మెంట్లు లేనివాళ్లు, అంటే కొత్తగా ఫ్రీలాన్సింగ్‌లోకి వచ్చినవాళ్లు, ఈ లోతు లెక్క వేయలేరు. వాళ్లకు మేం చెప్పేది, తమకు బిల్లు పాసవడానికి పట్టే అత్యధిక కాలాన్ని తీసుకుని, దానికి ఒక నెల కలిపి, అన్ని నెలల తప్పనిసరి ఖర్చును తొలి నిల్వగా పెట్టుకోమని. మూడు నెలలకు పాసయ్యే బిల్లులైతే నాలుగు నెలల ఖర్చు. ఏడాది తర్వాత అసలు అంకెలతో మళ్లీ లెక్క వేయాలి.

ఒకరిద్దరు క్లయింట్ల మీదే ఆధారపడినవాళ్లకు ఒక నెల ఆలస్యం పరీక్ష చాలదు. పెద్ద క్లయింటు పూర్తిగా పోతే ఏమవుతుందో కూడా ఆ పట్టికలో రాసి చూడాలి. ఈ ఇంట్లో కమిషన్ అయిదారుగురు బిల్డర్ల నుంచి వస్తోంది కాబట్టి ఒక నెలతో సరిపెట్టాం.

"జీతం" పెంచమని 2026 ఏప్రిల్‌లో అడిగారు, ఇంటి అద్దె 2 వేలు పెరిగిందని. పెంచాం. కానీ ఆ 2 వేలు నెలవారీ పొదుపులోంచి తగ్గి, సిప్ 4 వేలకు వచ్చింది. మూడేళ్ల లెక్కలోంచి 2022-23 బయటికి పోయింది. ఇప్పుడు అన్నిటికంటే బలహీనమైన ఏడాది 13.8 లక్షలది, దాంతో లెక్క వేస్తే సిప్ ఇరవై వేలు దాటవచ్చు. పోయింది ఒక్క చెడ్డ ఏడాదే కాబట్టి, అలాంటిది మళ్లీ రాదనడానికి ఆధారం లేదు కాబట్టి, దాన్ని ఇంకో రెండేళ్లు లెక్కలోనే ఉంచుదామన్నాం. అతను సరే అన్నాడు. ఆగస్టు చివర నిల్వ పొర్లితే ముందు మిగిలిన అప్పు కట్టి నగలు ఇంటికి తెచ్చుకుంటారు, ఆ తర్వాత ఆమె 80 వేల డిపాజిట్, దాని తర్వాతే ఫండ్లు.